తత్త్వమసి: ఒకే వాక్యం, మూడు అర్థాలు (అద్వైతం, విశిష్టాద్వైతం, ద్వైతంపై తరచుగా అడిగే ప్రశ్నలు)

డిగ్రీ మొదటి ఏడాదిలో ఈ మూడు పేర్లూ ఒక పట్టికగా వస్తాయి. ఒక గడిలో శంకరులు, పక్క గడిలో రామానుజులు, ఆ పక్కన మధ్వాచార్యులు. కింద ‘జీవుడూ బ్రహ్మమూ ఒకటే’, ‘జీవుడు బ్రహ్మానికి శరీరం’, ‘జీవుడు వేరు, బ్రహ్మం వేరు’ అని మూడు ముక్కలు. బట్టీ పడితే మార్కులు వస్తాయి. కానీ ఒకే గ్రంథాలను ప్రమాణంగా పెట్టుకున్న ముగ్గురు మహా పండితులు ఇంత దూరం ఎలా విడిపోయారో ఆ పట్టిక చెప్పదు. అందుకే ఇక్కడ పట్టికను పక్కనపెట్టి ఒక్క ఉపనిషద్వాక్యాన్నే పట్టుకుంటాను. దాన్ని ముగ్గురూ ఎలా చదివారో చూస్తే మిగతా సిద్ధాంతం చాలావరకు దాని వెంటే వస్తుంది.

1. ముగ్గురూ వేదాంతులే కదా, మరి తగాదా దేనిమీద?

ఒప్పుకున్నవి ముందు చూడండి. ఉపనిషత్తులు, బ్రహ్మసూత్రాలు, భగవద్గీత ముగ్గురికీ ప్రమాణం. ఈ మూడింటినీ కలిపి ప్రస్థానత్రయం అంటారు. బ్రహ్మం ఉందనీ, జీవుడు అనాదిగా కర్మలో చిక్కుకుని పుడుతూ చస్తూ ఉన్నాడనీ, దాని నుంచి విడుదల ఉందనీ ముగ్గురూ ఒప్పుకుంటారు.

తగాదా అంతా సంబంధం దగ్గర. బ్రహ్మానికీ జీవుడికీ ప్రపంచానికీ మధ్య ఉన్నది ఏ సంబంధం? కొన్ని ఉపనిషద్వాక్యాలు రెండూ ఒకటేనన్నట్టు ఉంటాయి. కొన్ని రెండూ వేరన్నట్టు ఉంటాయి. ఒకే చెట్టు మీద రెండు పక్షులు ఉన్నాయనీ, ఒకటి పండు తింటుంటే రెండోది ఊరికే చూస్తోందనీ చెప్పే ముండకోపనిషత్తు మంత్రం ఈ రెండో రకం. ఏ రకం వాక్యాలను మూలంగా పెట్టుకుని ఏ రకాన్ని వాటికి అనుగుణంగా చదవాలన్నదే అసలు ప్రశ్న.

కాలం కూడా గుర్తుంచుకోండి. శంకరులు కేరళలోని కాలడిలో పుట్టారు, ఎనిమిదో శతాబ్దం వారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. రామానుజులు తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో పుట్టారు, సంప్రదాయం ప్రకారం 1017లో. మధ్వాచార్యులు ఉడుపి దగ్గరి పాజకలో పుట్టినవారు, పదమూడో శతాబ్దం. అంటే వీళ్లు ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నవారు కాదు. తర్వాత వచ్చినవారు ముందువారి గ్రంథాలు చదివి జవాబు రాశారు.

2. ‘తత్త్వమసి’ ఎక్కడిది? ఎవరు ఎవరితో అన్న మాట?

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలోది. ఉద్దాలక ఆరుణి అనే తండ్రి తన కొడుకు శ్వేతకేతువుతో అన్న మాట. శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగో ఏట వేదాలన్నీ చదివి తిరిగొచ్చాడు. చదువుతో పాటు గర్వం కూడా తెచ్చుకున్నాడు. తండ్రి అది గమనించి, ‘దేన్ని తెలుసుకుంటే విననిది విన్నట్టు, తెలియనిది తెలిసినట్టు అవుతుందో, ఆ ఉపదేశం అడిగావా?’ అన్నాడు. కొడుక్కి తెలియదు. ‘మా గురువులకే తెలిసి ఉండదు, తెలిస్తే చెప్పేవారు కదా’ అంటాడు. అక్కడి నుంచి పాఠం మొదలవుతుంది.

మట్టిముద్ద ఒక్కటి తెలిస్తే మట్టితో చేసినవన్నీ తెలుస్తాయంటాడు తండ్రి. తర్వాత ఒక్కొక్క ఉదాహరణ చెప్పి, చివర ఒకే పల్లవి పాడతాడు. ఈ సూక్ష్మమైనదే అన్నిటికీ ఆత్మ, అదే సత్యం, అది ఆత్మ, అది నువ్వే శ్వేతకేతూ. ఈ పల్లవి తొమ్మిదిసార్లు వస్తుంది. ‘తత్’ అంటే అది, ‘త్వమ్’ అంటే నువ్వు, ‘అసి’ అంటే అయి ఉన్నావు. మూడే మాటలు.

3. శంకరులు దీన్ని ఎలా చదివారు?

‘తత్’ అంటే ప్రపంచానికి కారణమైన, అన్నీ తెలిసిన బ్రహ్మం. ‘త్వమ్’ అంటే ఎదురుగా ఉన్న ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, కొంచెమే తెలిసినవాడు, ఆకలీ నిద్రా ఉన్నవాడు. ఈ రెండూ ఒకటే అంటే మాటకు మాట పొసగదు. ఉపనిషత్తు మాత్రం ఒకటే అంటోంది. మరి ఎలా?

అద్వైతులు దీనికి ఒక లోకవాక్యం చెబుతారు, ‘సోఽయం దేవదత్తః’ అని. వాడే వీడు, ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు. మీ పదో తరగతి స్నేహితుడు చాలా ఏళ్ల తర్వాత బస్టాండులో కనిపించాడనుకోండి. అప్పుడు నిక్కరు వేసుకుని, సన్నగా, వేరే ఊళ్లో ఉండేవాడు. ఇప్పుడు గడ్డం పెంచి, లావుగా, ఇక్కడ ఉన్నాడు. ‘ఒరేయ్, వీడు వాడే!’ అంటారు. అప్పటి ఊరు, ఇప్పటి ఊరు ఒకటని మీ ఉద్దేశం కాదు. నిక్కరూ గడ్డమూ ఒకటనీ కాదు. ఒకదానితో ఒకటి పడని వివరాలను వదిలేసి, రెండింటిలోనూ ఉన్న మనిషిని మాత్రం ఉంచుకుంటారు. కొంత వదిలి కొంత ఉంచే ఈ పద్ధతికి జహదజహల్లక్షణ అని పేరు, భాగత్యాగ లక్షణ అని కూడా అంటారు.

‘తత్’లో నుంచి సర్వజ్ఞత్వం, జగత్కారణత్వం పక్కకు పెట్టండి. ‘త్వమ్’లో నుంచి అల్పజ్ఞత, శరీరం, మనసు పక్కకు పెట్టండి. రెండు వైపులా మిగిలేది శుద్ధ చైతన్యం ఒక్కటే. ఆ మిగిలినదాన్ని గురించే ‘ఒకటే’ అన్న మాట.

విద్యార్థులు ఎక్కువగా జారేది ఇక్కడే. ‘అద్వైతం ప్రకారం నేనే దేవుణ్ణి’ అని రాసేస్తారు. పేరూ ఊరూ ఇష్టాయిష్టాలూ ఉన్న ఈ ‘నేను’ను అలాగే తీసుకెళ్లి ఈశ్వరుడి పక్కన కూర్చోబెట్టడం శంకరుల మాట కాదు. ఆ ‘నేను’లో చాలా భాగం వదిలేశాకే ఏకత్వం. అవతలి వైపు ఈశ్వరత్వం కూడా వదలాల్సిందే.

4. అయితే అద్వైతంలో ప్రపంచం అబద్ధమా? నేను కూర్చున్న బెంచీ లేదా?

‘లేదు’ అనే మాట అద్వైతులు అనరు. ‘మిథ్య’ అంటారు. మసక వెలుతురులో తాడును చూసి పాము అనుకుని భయపడే ఉదాహరణ మీకు తెలిసే ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా చూడండి. ఆ పాము నిజమా? దీపం తెస్తే పోయింది కాబట్టి నిజం కాదు. అసలేమీ లేదా? గుండె దడదడలాడింది, వెనక్కి గెంతారు, కాబట్టి కుందేటి కొమ్ములా బొత్తిగా లేనిదీ కాదు. ఉన్నదనీ లేనిదనీ తేల్చి చెప్పలేనిది కాబట్టి అనిర్వచనీయం. ప్రపంచం ఈ కోవలోకి వస్తుంది.

కానీ తాడు మీది పామూ మీ బెంచీ ఒకే మెట్టు మీద లేవు. పాము దీపంతో పోతుంది. బెంచీ బ్రహ్మజ్ఞానం కలిగేదాకా పోదు. అందుకే అద్వైతులు సత్తకు, అంటే ఉనికికి, మూడు మెట్లు పెట్టారు. పాముది ప్రాతిభాసిక సత్త, బెంచీది వ్యావహారిక సత్త, ఎప్పటికీ కొట్టివేయబడని బ్రహ్మానిది పారమార్థిక సత్త. వ్యావహారికంలో కర్మ, పూజ, నీతి, ఈశ్వరుడు, గురువు అన్నీ ఉన్నాయి.

5. తాడూ పాము ఉదాహరణలో లోపం లేదా?

ఉంది. ప్రతి ఉపమానానికీ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు దగ్గరే ప్రతివాది నిలబడతాడు. తాడును పాముగా చూడాలంటే తాడు కాకుండా చూసేవాడు ఇంకొకడు కావాలి. బ్రహ్మం ఒక్కటే ఉంటే పొరపడింది ఎవరు? బ్రహ్మమే పొరపడిందంటే అది జ్ఞానస్వరూపం కదా, అజ్ఞానం ఎలా అంటుతుంది? జీవుడు పొరపడ్డాడంటే జీవుడనేవాడే ఆ పొరపాటులోంచి పుట్టినవాడు కదా?

రామానుజులు బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యంలో అవిద్య మీద, అంటే ఈ అజ్ఞానం మీద, ఏడు ఆక్షేపణలు ఎక్కుపెట్టారు. వాటిలో మొదటిదే ఇది, అవిద్యకు ఆశ్రయం ఎవరని. అద్వైతుల్లోనూ దీనిమీద రెండు దారులు ఏర్పడ్డాయి. వాచస్పతిమిశ్రుల భామతీ సంప్రదాయం ఆశ్రయం జీవుడంటుంది. ప్రకాశాత్ముల వివరణ సంప్రదాయం బ్రహ్మమంటుంది. శంకరులు మాత్రం బ్రహ్మసూత్రభాష్యంలో ఒకచోట ఈ ప్రశ్న అడిగినవాడివైపే తిప్పేస్తారు. ‘ఈ అజ్ఞానం ఎవరిది?’ అంటే, ‘అడుగుతున్న నీదే’ అని. నాకు ఈ జవాబంటే ఇష్టం. అయితే పరీక్షలో ఇది రాస్తే, రామానుజులు దీనితో ఎందుకు తృప్తిపడలేదో కూడా రాయాలి. తప్పు నాకు కనిపిస్తోందనడం, ఆ తప్పు ఎలా సాధ్యమైందో చెప్పినట్టు కాదని ఆయన పక్షం.

6. రామానుజులు ‘తత్త్వమసి’ని ఎలా చదివారు?

ఆయన మొదటి అభ్యంతరం వ్యాకరణంలోనే ఉంది. మాటకు నేరుగా ఉన్న అర్థం పొసగుతుంటే లక్షణార్థానికి పోకూడదు. పైగా శంకరుల పద్ధతిలో రెండు మాటల్లోనూ ఉన్న విశేషాలన్నీ తీసేస్తే, ఇక రెండు మాటలు వాడటం ఎందుకు? ‘నల్లకలువ’ అన్నప్పుడు నలుపు ఒక విషయం చెబుతుంది, కలువ ఇంకో విషయం చెబుతుంది, రెండూ కలిసి ఒకే పువ్వును చూపిస్తాయి. వేరువేరు విశేషాలు చెబుతూనే రెండు మాటలు ఒకే వస్తువును చూపించడాన్ని సామానాధికరణ్యం అంటారు. విశేషాలను చెరిపేస్తే సామానాధికరణ్యమే నిలవదని ఆయన వాదం.

మరి ‘నువ్వు’ అనే మాట బ్రహ్మాన్ని ఎలా చూపిస్తుంది? ‘నేను లావయ్యాను’ అంటాం. లావయ్యింది శరీరం. అయినా ఆ మాట శరీరం దగ్గర ఆగకుండా ఆ శరీరం ఎవరిదో ఆ ‘నేను’ దాకా వెళుతుంది. ‘ఆయన మనిషి’ అన్నా అంతే, మనిషి ఆకారం శరీరానిదే అయినా మాట లోపలి జీవుడి దాకా పోతుంది. శరీరాన్ని చెప్పే మాట శరీరి దాకా వెళ్లడం భాషలో సహజం. అలాగే జీవుడు బ్రహ్మానికి శరీరమైతే, జీవుణ్ణి చెప్పే ‘నువ్వు’ అన్న మాట జీవుడి దగ్గర ఆగదు. ఆ జీవుడికి లోపల అంతర్యామిగా ఉన్న బ్రహ్మం దాకా వెళుతుంది. అప్పుడు వాక్యార్థం ఇలా వస్తుంది: ఏ బ్రహ్మం జగత్తుకు కారణమో, ఆ బ్రహ్మమే నీలో ఆత్మగా ఉండి నిన్ను శరీరంగా ధరించి ఉంది. రెండు మాటలూ వేరువేరు విశేషాలు చెప్పాయి, చూపించింది ఒక్క బ్రహ్మాన్నే. ఏమీ వదలాల్సిన పని పడలేదు.

ఇక్కడ ఒక చక్కని పోలిక ఉంది, తరగతిలో ఎవరూ చెప్పరు. ‘నేను లావు’, ‘నేను సన్నం’ అనే ఇవే మాటలను శంకరులు తన బ్రహ్మసూత్రభాష్యం మొదట్లో అధ్యాసకు, అంటే ఒకదాని ధర్మాన్ని ఇంకోదానిమీద మోపే పొరపాటుకు, ఉదాహరణగా ఇచ్చారు. శరీరమే నేననుకోవడం భ్రమ అని రామానుజులు కూడా ఒప్పుకుంటారు. కానీ శరీరవాచకం ఆత్మ దాకా వెళ్లడంలో మాత్రం పొరపాటేమీ లేదంటారు. వాడుకలోని ఒకే మాటలో ఒకరికి బంధానికి మూలం కనిపించింది, ఇంకొకరికి వేదవాక్యాన్ని విప్పే తాళంచెవి దొరికింది.

7. జీవుడు దేవుడి శరీరమంటే చేతులూ కాళ్లూ అనా? అయితే మన నొప్పి దేవుడికి కూడా కలగాలి కదా?

చాలా మంచి ప్రశ్న. రామానుజులు శరీరానికి తనదైన నిర్వచనం ఇచ్చారు. ఒక చేతనుడు ఏ ద్రవ్యాన్ని తన ప్రయోజనం కోసం పూర్తిగా నడిపించగలడో, నిలబెట్టగలడో, ఏది ఎప్పుడూ అతనికి లోబడి అతని కోసమే ఉంటుందో, అది అతని శరీరం. ఎముకలూ చర్మమూ ఈ నిర్వచనంలో లేవు. ఇది ఆయన సొంతంగా పుట్టించిన ఆలోచన కూడా కాదు. బృహదారణ్యకోపనిషత్తులో అంతర్యామి బ్రాహ్మణం అనే భాగం ఉంది. భూమిలో ఉంటూ, భూమికి తెలియకుండా, భూమిని శరీరంగా చేసుకుని లోపలి నుంచి నడిపేవాడు అంటూ ఒక్కొక్కటిగా చెప్పుకుపోతుంది. రామానుజుల సిద్ధాంతానికి వెన్నెముక ఈ భాగమే.

నొప్పి సంగతికి వస్తే, శరీరం ఉండటమొక్కటే సుఖదుఃఖాలకు కారణం కాదంటారాయన. కారణం కర్మ. రాజాజ్ఞ పాటించినవాడికి మెప్పు, మీరినవాడికి శిక్ష. ఆజ్ఞ ఇచ్చిన రాజుకూ ఒళ్లుంది, అంతమాత్రాన ఆ శిక్ష అతనికి పడదు. ఈశ్వరుడు కర్మకు లోబడినవాడు కాదు కాబట్టి జీవుడి బాధ అతన్ని తాకదు.

ఈ ఉపమానానికీ హద్దు ఉంది. మన శరీరం మనం చెప్పినట్టు పూర్తిగా వినదు. జబ్బు చేస్తుంది, ముసలిదవుతుంది, ఒకనాడు మనల్ని వదిలిపోతుంది. బ్రహ్మానికీ దాని శరీరానికీ మధ్య అలాంటి విడిపోవడం ఎప్పుడూ లేదు. విడదీయడానికి వీల్లేని ఈ సంబంధానికి అపృథక్సిద్ధి అని పేరు. కాబట్టి మన శరీరం ఇక్కడ గీసి చూపించడానికి మాత్రమే.

8. విశిష్టాద్వైతం అద్వైతానికీ ద్వైతానికీ మధ్యేమార్గమని రాయవచ్చా?

రాయకండి. మొదటి కారణం కాలం: రామానుజులు రాసేనాటికి మధ్వాచార్యులు పుట్టనేలేదు, ఇద్దరికీ రాజీ కుదర్చడం ఎక్కడిది? రెండో కారణం అసలైనది. ‘కొంచెం ఒకటి, కొంచెం వేరు’ అని ఆయన అనలేదు. చిత్తు అంటే జీవులు, అచిత్తు అంటే జడప్రకృతి, ఈ రెండూ విశేషణాలుగా ఉన్న బ్రహ్మం ఒక్కటే, అలాంటిది రెండోది లేదు అన్నారు. విశేషణాలతో కూడినదానికే ఏకత్వం. జీవులూ ప్రపంచమూ పూర్తిగా నిజం. మట్టి కుండ ఉదాహరణలో కుండ అన్నది పేరుకు మాత్రమే, మట్టే సత్యం అని శంకరులు తీసుకుంటే, కుండ కూడా నిజమే, అదే మట్టికి వచ్చిన ఇంకో స్థితి అని రామానుజులు తీసుకుంటారు.

9. మధ్వాచార్యులు అదే వాక్యంలో భేదం ఎలా చూశారు?

పదో తరగతిలో చదివిన సవర్ణదీర్ఘ సంధి గుర్తు తెచ్చుకోండి. ఉపనిషత్తులో వాక్యం ‘స ఆత్మాతత్త్వమసి’ అని కలిసి వినిపిస్తుంది. ‘ఆత్మా’ పక్కన ‘తత్’ చేరిస్తే ‘ఆత్మాతత్’. ‘ఆత్మా’ పక్కన ‘అతత్’ చేరిస్తే రెండు అచ్చులూ కలిసి మళ్లీ ‘ఆత్మాతత్’. చెవికి రెండూ ఒకటే. మధ్వాచార్యులు రెండో విరుపును తీసుకున్నారు. ‘అతత్ త్వమ్ అసి’, అది నువ్వు కాదు.

10. ఇది తనకు కావాల్సినట్టు విరుచుకోవడం కాదా?

మొదటిసారి విన్న ప్రతివారూ అలాగే అనుకుంటారు. సంధి మాత్రం రెండు విరుపులకూ ఒప్పుకుంటుంది, కాబట్టి ఏది తీసుకోవాలన్నది సందర్భం చెప్పాలి. ఆయన సందర్భం చూపించారు కూడా.

మొదటిది, కథలో శ్వేతకేతువు గర్వంతో తిరిగొచ్చాడు. గర్వం దించడానికి కూర్చున్న తండ్రి ‘నువ్వే ఆ పరమాత్మవు’ అని ఎందుకంటాడు? ‘నువ్వు అది కాదు’ అంటేనే పాఠానికి పొసగుతుంది. రెండోది, పల్లవికి ముందు వచ్చే ఉదాహరణలు. దారానికి కట్టిన పక్షి, రకరకాల చెట్ల రసాలు, నదులూ సముద్రమూ, ఉప్పూ నీళ్లూ, దొంగా సొమ్ము పోగొట్టుకున్నవాడూ. విష్ణుతత్త్వవినిర్ణయం అనే గ్రంథంలో వీటిని వరసగా చెప్పి, ఇవన్నీ ఒకదానికొకటి వేరైన జంటలే, జీవేశ్వరులూ అలాగే వేరు అంటారు. మూడోది అనుభవం. ‘నేను సర్వజ్ఞుణ్ణి కాను, స్వతంత్రుణ్ణి కాను’ అని ప్రతి జీవుడికీ లోపల తెలుస్తూనే ఉంది. ఆ నేరు అనుభవాన్ని తోసిపుచ్చేలా వాక్యానికి అర్థం చెప్పకూడదు.

అవతలివాళ్ల జవాబు కూడా గట్టిదే. ఒక్కటి తెలిస్తే అన్నీ తెలుస్తాయని పాఠం మొదలైంది, ఇదంతా దానినే ఆత్మగా కలిగి ఉందని పల్లవిలోనే ఉంది. మొదలూ మధ్యా ఏకత్వం చెప్పి, చివరి మాటలో ‘కాదు’ అంటే ఎలా? దానికి మాధ్వులు, ప్రధానమైనదాన్ని తెలుసుకుంటే దానిమీద ఆధారపడినవి, దాన్ని పోలినవి తెలిసినట్టేనని సమాధానం చెబుతారు. వారి సంప్రదాయంలోని తర్వాతి పండితులు ఇంకో అడుగు వేసి, ‘తత్’ అనే విరిచినా అభేదం రాదు, పోలికనో ఆధారపడటాన్నో చెబుతుందని వాదించారు. కాబట్టి ద్వైతం మొత్తం ఒక్క ‘అ’కారం మీద నిలబడిందని అనుకోవద్దు.

11. ఒకే ఉదాహరణను ముగ్గురూ మూడు రకాలుగా చదవడం చూపించగలరా?

ఉప్పు ఉదాహరణ తీసుకుందాం. తండ్రి కొడుకుతో, ‘ఈ ఉప్పుగడ్డను నీళ్లలో వేసి పొద్దున రా’ అంటాడు. పొద్దున్న, ‘రాత్రి వేసిన ఉప్పు తీసుకురా’ అంటాడు. శ్వేతకేతువు వెతుకుతాడు, దొరకదు, కరిగిపోయింది. ‘ఈ అంచు నుంచి కొంచెం తాగి చూడు. ఎలా ఉంది?’ ‘ఉప్పగా.’ ‘మధ్యలో నుంచి?’ ‘ఉప్పగా.’ ‘ఆ అంచు నుంచి?’ ‘ఉప్పగానే.’ అప్పుడు తండ్రి, ‘నాయనా, సత్తు, అంటే అన్నిటికీ మూలమైన ఉనికి, ఇక్కడే ఉంది, నీకు కనిపించడం లేదంతే’ అంటాడు. ఇంట్లో ఒక గ్లాసు నీళ్లతో చేసి చూడదగ్గ పాఠం ఇది.

శంకరుల దృష్టి కళ్లూ నాలుకా మీద ఉంటుంది. కంటికి, చేతికి అందని ఉప్పు నాలుకకు అందినట్టు, ఇంద్రియాలకు అందని సత్తు వేరే ఉపాయంతో అందుతుంది, ఆ సత్తే నీ స్వరూపం. రామానుజుల దృష్టి ‘అన్ని చోట్లా’ మీద. ఏ అంచు చూసినా లోపల వ్యాపించి ఉన్నట్టు, బ్రహ్మం అన్నిటి లోపలా అంతర్యామిగా ఉంది. మధ్వాచార్యుల దృష్టి ఉప్పూ నీళ్లూ అనే జంట మీద. కనిపించకపోయినంత మాత్రాన ఉప్పు నీరైపోలేదు. మీరు ఆ గ్లాసును ఎండలో పెడితే నీళ్లు పోయి ఉప్పు అడుగున మిగులుతుంది కదా అని ద్వైతి పక్షాన మనం చేర్చుకోవచ్చు. దానికి అద్వైతి, ఉపమానంలో చెప్పని ఎండను నువ్వు తెచ్చావంటాడు.

నదుల ఉదాహరణలో పోటీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నదులు సముద్రంలో కలిశాక ‘నేను ఈ నదిని’ అని వాటికి తెలియదు అంటుంది ఉపనిషత్తు. తెలియకపోవడం అంటే ఆ తేడా పోయిందని ఒక పక్షం. తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు అని ఇంకో పక్షం.

12. ద్వైతమంటే డెకార్ట్ చెప్పిన ద్వైతమేనా?

కాదు. పాశ్చాత్య తత్త్వశాస్త్రం పేపరు కూడా చదివేవాళ్లు ఈ రెండూ కలిపేస్తారు. డెకార్ట్ గీసిన గీత మనసుకూ పదార్థానికీ మధ్య. మధ్వాచార్యులు గీసిన ముఖ్యమైన గీత స్వతంత్రానికీ పరతంత్రానికీ మధ్య. స్వతంత్రుడు విష్ణువు ఒక్కడే. జీవులూ జడమూ నిజంగానే ఉన్నాయి, అయితే ఉండటానికీ కదలడానికీ అతని మీదే ఆధారపడి ఉన్నాయి. రెండు సమానమైన శక్తులు అన్న అర్థం ఇందులో లేదు.

ఈ లోకంలో భేదాలు ఐదు. ఈశ్వరుడికీ జీవుడికీ, ఈశ్వరుడికీ జడానికీ, జీవుడికీ జడానికీ, ఒక జీవుడికీ ఇంకో జీవుడికీ, ఒక జడవస్తువుకూ ఇంకో జడవస్తువుకూ. పంచభేదమంటే ఇదే.

జీవుడు పరమాత్మకు ప్రతిబింబం అని కూడా ఆయన అంటారు. ఇది విని చాలామంది అద్వైతమే కదా అని తికమకపడతారు. అద్దం తీస్తే ప్రతిబింబం పోతుంది, కానీ ఇక్కడ అద్దమనేది బయటి వస్తువు కాదు, జీవుడి స్వరూపమే కాబట్టి అది ఎప్పటికీ పోదు. ప్రతిబింబం అన్న మాటలో తీసుకోవాల్సినవి రెండే: బింబం మీద ఆధారపడటం, దాన్ని కొంత పోలి ఉండటం.

13. మోక్షంలో చివరికి ఏం మిగులుతుంది?

అద్వైతంలో కొత్తగా ఏదీ రాదు. అజ్ఞానం పోతుంది, ఎప్పుడూ ఉన్నదే ఉంటుంది. బతికి ఉండగానే ఇది సాధ్యం, దాన్ని జీవన్ముక్తి అంటారు. రామానుజులు జీవన్ముక్తిని ఒప్పుకోరు. శరీరం పడిపోయాక జీవుడు వైకుంఠం చేరి, జ్ఞానంలోనూ ఆనందంలోనూ భగవంతుడితో సమానమవుతాడు. జగత్తును సృష్టించి నడిపే పని మాత్రం అతనిది కాదు. మధ్వాచార్యుల మోక్షంలో ప్రతి జీవుడికీ తన స్వరూపానందం వెల్లడవుతుంది. ఆ ఆనందం అందరికీ ఒకే కొలత కాదు, తారతమ్యం అక్కడా ఉంటుంది. అయినా అసూయ ఉండదు, ఎవరి నిండు వారిది.

14. తెలుగునేలకూ వీటికీ సంబంధం ఉందా?

ఉంది. రామానుజుల వేదార్థసంగ్రహం తిరుమలలో స్వామి సన్నిధిలో చేసిన ఉపన్యాసమని శ్రీవైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ‘తత్త్వమసి’పై ఆయన వాదం అందులోనూ విస్తారంగా ఉంది. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు కళింగ రాజ్యంలో అధికారం నెరిపినవారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో 1281 నాటి ఆయన శాసనం ఉంది. మధ్వాచార్యుల కాలం తేల్చడానికి చరిత్రకారులు ఆధారపడేది ఎక్కువగా ఈ శాసనం మీదే. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి ద్వైత పండితులు. శుద్ధాద్వైతం చెప్పిన వల్లభాచార్యులది (1479–1531) తెలుగు బ్రాహ్మణ కుటుంబం. వేదాంతంలో దారులు మూడే కావని కూడా దీనితో తెలుస్తుంది.

15. మూలం చదవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఛాందోగ్యం ఆరో అధ్యాయంతో. పదహారు చిన్న ఖండాలు, తెలుగు తాత్పర్యంతో ఒక మధ్యాహ్నంలో పూర్తవుతుంది. మొదటిసారి ఏ భాష్యమూ చూడకుండా చదవండి. ప్రతి ఉదాహరణ పక్కన, ఇది ఏకత్వం చూపిస్తోందా, వ్యాప్తి చూపిస్తోందా, భేదం చూపిస్తోందా అని మీకు తోచింది పెన్సిలుతో రాసుకోండి. తొమ్మిదింటికీ ఒకే జవాబు రాదు, ముఖ్యంగా చివరి రెండింటి దగ్గర చెయ్యి ఆగుతుంది. చావుకు దగ్గరైనవాడి చుట్టూ బంధువులు కూర్చుని ‘నన్ను గుర్తుపట్టావా’ అని అడిగేది ఒకటి. దొంగతనం మోపబడినవాడి చేత కాల్చిన గొడ్డలిని పట్టించేది రెండోది.

ఆ తర్వాత శంకరుల బ్రహ్మసూత్రభాష్యం మొదట్లోని అధ్యాసభాష్యం తీసుకోండి, కొద్ది పేజీలే. దాని తర్వాత వేదార్థసంగ్రహంలో అద్వైతాన్ని విమర్శించే భాగం, ఆపైన విష్ణుతత్త్వవినిర్ణయంలో ఈ వాక్యం మీది చర్చ. ఈ వరసలోనే చదవండి, ఎందుకంటే ఒక్కొక్కరు ముందువారి మాటను ఎదురుగా పెట్టుకుని రాశారు. ప్రతివాది పక్షాన్ని ముందు పూర్వపక్షంగా పెట్టి, తర్వాత తమ సిద్ధాంతం చెబుతారు. పూర్వపక్షాన్నే రచయిత అభిప్రాయమనుకుని నోట్సు రాసుకోవడం కొత్తగా చదివేవాళ్లకు జరిగేదే. ‘అలా అంటే’, ‘అది కాదు’ అన్న మాటలు ఎక్కడ వస్తున్నాయో గీత గీసుకుంటూ పోతే ఎవరు మాట్లాడుతున్నారో తప్పిపోదు.